పరవాక్యము - స్వవాక్యము: పాల్కురికి సోమనపై ఒక వ్యాసము దిద్దబడిన తీరు

జనగామలో రైలు నిలయమునకు అనతిదూరమున ఒక విశ్రాంతోపన్యాసకుని గృహము కలదు. ప్రాచ్య కళాశాలలో చిరకాలము అలంకారశాస్త్రమును, ప్రాచీనకావ్యములను బోధించిన ఆయన యొద్దకు నేటికిని పరిశోధకులు తమ వ్యాసములను చేతబట్టుకొని వచ్చుచుందురు. అట్లు వచ్చినవారిలో ఒకడు భూపాలపల్లి వాడు. తండ్రి సింగరేణి గనులలో పనిచేసినవాడు. కుమారుడు మహబూబాబాదు ప్రాంతమున ఒక పాఠశాలలో తెలుగు పండితుడుగా కుదురుకొని, సెలవుదినములందు పరిశోధన సాగించుచుండెను. మహబూబాబాదులో రైలెక్కి, కాజీపేట మీదుగా జనగామకు చేరి, మరల సాయంకాలమునకు తిరిగిపోవుట అతనికి పరిపాటి.

అతని విషయము పాల్కురికి సోమనాథుడు. జనగామకు సమీపముననే పాలకుర్తి యున్నది. గుట్టమీద సోమేశ్వరాలయము, ఆ మండలములోనే పోతన పేర ప్రసిద్ధమైన బమ్మెర యున్నవి. సోమన జన్మస్థలము కన్నడదేశములోని హాల్కురికె యని వాదించినవారును కలరు గాని, ఆ తగవు ఇక్కడ అప్రస్తుతము. పరిశోధకుడు తెచ్చిన వ్యాసము ఇరువది పుటలు. ఉపన్యాసకుడు దానిని రెండుమార్లు చదివి, అందులో ఒక్క వాక్యము క్రింద మాత్రము గీత గీచి తిరిగి యిచ్చెను. ఆ వాక్య మిది: "జాను తెనుగు సంస్కృతమున కెదురు నిలిచిన భాష యనియు, ద్విపద పండితులచే అనాదరింపబడిన ఛందస్సనియు, సోమన వైదిక సంప్రదాయమును పూర్తిగా నిరాకరించిన కవి యనియు వెల్చేరు నారాయణరావుగారు నిరూపించిరి."

వెల్చేరు నారాయణరావుగారు జీన్ రోఘేర్ గారితో కలిసి బసవపురాణమును ఆంగ్లీకరించి, 'శివాస్ వారియర్స్' అను పేర 1990లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా వెలువరించిన సంగతి పరిశోధకులెరిగినదే. బసవపురాణము సంస్కృత బ్రాహ్మణ సాహిత్యసంప్రదాయమున కెదురు నిలిచిన గ్రంథమనియు, ఆ కారణముచేతనే పండితుల సాహిత్యచరిత్రలో దానికి తగిన స్థానము దొరకలేదనియు దాని పీఠికలోని వాదసారము. బలమైన వాదము. పరిశోధకునికి అది కనువిప్పు కలిగించినది. తన తండ్రి తాతల భాషను చిన్నచూపు చూచిన బడిలో చదివినవాడగుటచే, ఆ వాదములో అతనికి తన గోడుకూడ వినిపించెను. ఆ మాట అతడు దాచలేదు.

ఉపన్యాసకుడు మొదట ఎత్తి చూపినది క్రియాపదమును. తెనుగు వాక్యనిర్మాణములో పరుల అభిప్రాయము ముందు వచ్చును. 'అని' యను అవ్యయము దానిని మూటగట్టును. చివర వచ్చు క్రియ ఒక్కటే ఆ మూటపై వ్యాసకర్త వేయు ముద్ర. 'నిరూపించిరి' అనినచో వ్యాసకర్త దానిని పూర్తిగా అంగీకరించి సాక్షిసంతకము చేసినట్లే. 'ప్రతిపాదించిరి' అనినచో వాదము సభలోనికి వచ్చినదని మాత్రమే అర్థము. 'ఊహించిరి' అనినచో ఆధారము చాలదను ధ్వని యున్నది. 'అభిప్రాయపడిరి' అనునది అన్నిటికంటె నిర్జీవమైనది, ఏ పూచీయు లేనిది. పరిశోధనవ్యాసములలో అదియే తరచుగా కానవచ్చుట గమనింపదగినది. పరిశోధకుడు ఆలోచింపకయే 'నిరూపించిరి' అని వ్రాసెను. వ్రాసిన క్షణముననే తన వ్యాసము ముగిసిపోయినదని అతడు గుర్తింపలేదు. నిరూపింపబడిన దానిని గూర్చి మరల ఇరువది పుటలు వ్రాయుట ఎందులకు?

ఇటువంటిదే ఇంకొకటి ఆ వ్యాసముననే యుండెను. కాళేశ్వర, శ్రీశైల, దాక్షారామ లింగముల నడుమ దేశమగుటచే త్రిలింగ మనియు, దాని నుండి తెలుగు అను పేరు పుట్టినదనియు 'స్థిరపడినది' అని ప్రాసంగికముగ వ్రాసెను. కాళేశ్వరము అతని జిల్లాలోనిదే; బాల్యమునుండి విన్న మాట. తెలుగు, తెలుంగు శబ్దములే సంస్కృతీకరింపబడి త్రిలింగ మైనదను భాషాశాస్త్రజ్ఞుల పక్షము బలముగా నుండగా 'స్థిరపడినది' అనుట చెల్లదు. ఉపన్యాసకుడు దాని ప్రక్కన 'చింత్యము' అని వ్రాసెను. పండితుల వాడుకలో ఆ మాటకు ఆలోచింపదగినదని వాచ్యార్థము, తప్పని వ్యంగ్యార్థము.

తరువాత ఆయన అడిగిన ప్రశ్న: 'పూర్తిగా' అను మాట ఎవరిది? పరిశోధకుడు గ్రంథము తెరచి వెదకెను. అది విమర్శకుని మాట కాదు. ఆంగ్లపీఠికలోని పెక్కువాక్యములను ఒక తెనుగు వాక్యముగా కుదించుచున్నప్పుడు తనకు తెలియకయే చేరిన తన మాట. సంగ్రహించుటలో మొదట రాలిపోవునవి పరిమితిని తెలుపు విశేషణములే. అవి రాలినచోట మన యుత్సాహము వచ్చి కూర్చుండును. ఆ మీద దానిని ఖండించినను సమర్థించినను, ఖండించునది సమర్థించునది మన నీడనే. పూర్వపక్షము చెప్పునప్పుడు పూర్వపక్షి విని 'ఔను, నా మాట ఇదియే' అనవలెనను నియమము శాస్త్రగ్రంథములు చదివినవారికి క్రొత్త గాదు.

"సార్, వారు పెద్ద విమర్శకులు గదా. నేను కాదంటే బాగుంటదా?" అని పరిశోధకుడు సంకోచముతో అడిగెను.

"కాదనుమని ఎవరన్నరయ్యా? ఎక్కడిదాక ఔననొచ్చునో, ఎక్కడ ఆగాల్నో చెప్పుమంటున్న."

ఆ వాక్యములో మూడు 'అని'లు ఉన్నవి. మూడును ఒకే మూటలో కట్టబడియున్నవి గాని, మూడింటి బలము ఒక్కటి కాదు. మూట విప్పి వేరువేరుగ తూచుటయే ఆ దినమున జరిగిన పని.

ద్విపద అనాదరింపబడినదను మాట మొదట తీసికొనిరి. పరిశోధకుడు దీనిని అంగీకరించుచున్నాడు. అయితే 'ఈ యభిప్రాయము సమంజసము' అని వ్రాసినంత మాత్రమున అంగీకారము వ్యాసములో భాగము గాదు. అది తల యూపుట మాత్రమే. విమర్శకుడు చూపిన ఆధారమునే మరల చూపినను ప్రయోజనము లేదు. అంగీకరించువాడు తన సొంత ఆధార మొకటి తేవలెను. పరిశోధకుడు రెండు తెచ్చెను. ద్విపదకావ్యమును ముదుసలి వేశ్యతో పోల్చి పరిహసించిన చాటువు పండితుల నోళ్ళలో నానుచు వచ్చిన దొకటి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో బసవపురాణము ఆంధ్రగ్రంథమాలలో 1926లోను, చిలుకూరి నారాయణరావుగారి పరిష్కరణముతో పండితారాధ్యచరిత్ర 1939లోను వెలువడినవి; అంతకు చాలముందే భారత భాగవతములు పలుమారు అచ్చయి యుండెను అనునది రెండవది. ఉపన్యాసకుడు మొదటిదానిని ఉంచుమనెను. రెండవదానిని ఉంచుచునే, ముద్రణ ఆలస్యమగుటకు ప్రతుల కొరతయు కారణము కావచ్చునని ఒక వాక్యము చేర్చుమనెను. అంగీకరించుచున్నప్పుడే ఆధారమును ఎక్కువగా పరీక్షింపవలసియుండును, ఏలయన అక్కడ ఎదిరించువాడు ఎవడును లేడు.

జాను తెనుగు సంస్కృతమున కెదురు నిలిచినదను మాట అంత తేలికగా సాగలేదు. గద్యపద్యములతో నిండిన ప్రౌఢరచనకంటె జాను తెనుగు సర్వసామాన్యమై ఇంపుగొలుపునని సోమన తన పురాణారంభముననే చెప్పియున్నాడు. ఆ మేరకు విమర్శకుని మాటకు కవివాక్యమే అండ. కాని అదే సోమన సంస్కృతమున భాష్యరచన చేసెను. అది సోమనాథభాష్యమను పేర నిలిచినది. వృషాధిపశతకములో సంస్కృతమునందును, ద్రవిడ కర్ణాట మహారాష్ట్ర భాషలయందును పద్యములు వ్రాసెను. సంస్కృతము రానివాడు గాని, దానిపై ద్వేషము గలవాడు గాని చేయు పని కాదిది. కాబట్టి ఎదురు నిలిచినది దేనికి? పరిశోధకుడు చాలసేపు తడబడి చివరకు ఇట్లు వ్రాసెను: "జాను తెనుగు సంస్కృతభాష కెదురు కాదు, వినువానికి అందని ప్రౌఢరచన కెదురు. శాస్త్రము చెప్పవలసినచోట సోమన సంస్కృతమును వదలలేదు. కథ చెప్పవలసినచోట దానిని ముందు నిలుపలేదు."

ఇదియే పరిమితీకరణము. దీనికి ముందు అతడు వ్రాసిన ముసాయిదాలో "ఈ వాదము కొంతవరకు సమంజసమే" అని మాత్రము ఉండెను. 'కొంతవరకు' అను మాట గోడమీద కూర్చుండువారికి ఆసనము. ఎంతవరకు అను ప్రశ్నకు తరువాతి వాక్యముననే బదులు రానిచో ఆ మాటను కొట్టివేయుట మేలు. న్యాయశాస్త్రము చదివినవారికి ఇది సులభముగ పట్టుబడును. ఒక లక్షణము తనకు చెందని లక్ష్యమునకుగూడ ప్రాకినచో అతివ్యాప్తి; చెందవలసిన లక్ష్యములో కొంత విడిచినచో అవ్యాప్తి. బసవపురాణమునకు చక్కగా కుదిరిన వాదమును పరిశోధకుడు సోమన రచనలన్నిటికిని ప్రాకించెను. అతివ్యాప్తిదోషము అతనిది, విమర్శకునిది కాదు. ఆయన వ్రాసినది బసవపురాణమునకు పీఠిక. ఈ సంగతి గుర్తించిన తరువాత పరిశోధకునికి సగము భయము తీరెను. ఏలయన, అతడు పెద్దవారి మాటను కాదనవలసిన పనియే ఇక్కడ లేదు; ఆ మాట ఏ గ్రంథమును గూర్చినదో ఆ గ్రంథమునకు దానిని తిరిగి యప్పగించిన చాలును.

మూడవది నిజముగ ఎదిరింపవలసినది. సోమన వైదిక సంప్రదాయమును నిరాకరించెనను మాటకు కవిరచనలోనే అడ్డు తగులు వస్తువులున్నవి. తన కృతిని వట్టి తెలుగు మాటలని తలంపక వేదములకు సరితూగునట్లుగ చూడుడని అతడు కోరెను. నిరాకరించిన దానిని ఎవడును కొలబద్దగా పెట్టుకొనడు. అతని చతుర్వేదసారము పేరే దాని ఉద్దేశమును చెప్పుచున్నది. పండితారాధ్యచరిత్రలో ఐదు ప్రకరణములుండగా వాదప్రకరణమను నొకటి ప్రత్యేకముగ నున్నది. అందు మల్లికార్జున పండితారాధ్యుడు పరమతములవారిని శ్రుతిస్మృతివాక్యములతోనే ఎదుర్కొనును. ఆ వాక్యములను సోమన ద్విపదలో ఇముడ్చుకొనిన తీరు పరవాక్యమును స్వవాక్యములో ఎట్లు కలుపవలెనో నేర్వదలచిన వారు పరిశీలింపదగినది. సంస్కృతశ్రుతి పాదములో ఒక ముక్కగా వచ్చును. నడక మాత్రము ద్విపదదే, వాదము నడిపించువాడు తెలుగు కవియే.

ఇంతవరకు వ్రాసి పరిశోధకుడు విజయగర్వముతో ముగింపబోయెను. ఉపన్యాసకుడు ఆపి, "ఇప్పుడు వారి తరఫున నువ్వే జవాబు చెప్పు" అనెను. ఖండనము వ్రాసినవాడు ప్రతిఖండనము తానే ఊహింపనిచో అది సగము ఖండనమే. న్యాయసూత్రములలో అభ్యుపగమసిద్ధాంతమను నొకటి కలదు. పరపక్షమును అప్పటికి ఒప్పుకొని, ఒప్పుకొనినచో ఏమగునో చూచుట. పరిశోధకుడు ఆ మార్గమున పోయి చూడగా, తనకు చిన్ననాటినుండి తెలిసిన ఒక కథ అడ్డువచ్చినది. బసవపురాణములో ఒక శివభక్తుడు బ్రాహ్మణుల యెదుట కుక్కచే వేదము చదివించును. వేదాధికారము తమదే యనువారికి ఇంతకంటె గట్టి చెంపపెట్టు ఉండదు. విమర్శకుడు ఈ కథను చూపి 'ఇది ఎదురు నిలుచుట గాక మరేమి?' అని అడిగినచో బదులేమి?

ఆ కథను వారు ఒక గంటసేపు చర్చించిరి. కుక్క నోట వచ్చినది వేదమే గాని వేదనింద కాదు. వేదము అక్కడ అవమానింపబడలేదు. దానిని తమ సొత్తని భావించినవారు అవమానింపబడిరి. అనగా విమర్శకుడు చూచిన ధిక్కారము నిజము. పరిశోధకుడు చూచిన వేదగౌరవమును నిజము. రెంటికిని చోటుండునట్లు వాక్యము మారవలెను. అది తుదకిట్లయ్యెను: "సోమన నిరాకరించినది వేదమును గాదు, వేదముపై ఒక వర్ణమునకు గల ఏకస్వామ్యమును. నారాయణరావుగారు చూపిన ధిక్కారము ఈ రెండవదానికి పూర్తిగా వర్తించును, మొదటిదానికి వర్తింపదు." ఎదిరింపబూనిన చోట కూడ తుదకు మిగిలినది పరిమితీకరణమే. ఎదురువాదముగా మొదలుపెట్టిన వాటిలో పెక్కింటికి ఇదే గతి పట్టును. పట్టనప్పుడు మాత్రమే ఖండనము నిలుచును.

భరతుని రససూత్రముపై అభినవగుప్తుడు చేసిన పని దీనికి పెద్ద యుదాహరణము. లొల్లటుని, శంకుకుని, భట్టనాయకుని మతములను వరుసగా చెప్పి, లోపములెత్తి చూపి, తుదకు తాను పూర్వుల మతములను దూషింపలేదనియు శోధించితిననియు చెప్పుకొనెను. ఇది వినయమునకై అన్న మాట గాదు. భట్టనాయకుడు చెప్పిన భావకత్వ భోజకత్వములను వేరు వ్యాపారములుగా ఒప్పక, అతని సాధారణీకరణమును మాత్రము తనదిగా చేసికొనెను. ఏది వదలెనో, ఏది పుచ్చుకొనెనో పాఠకుడు వ్రేలుపెట్టి చూపగలడు. ఆ స్పష్టతయే లేనిచో పూర్వమతములను వరుసగా చెప్పుట పట్టిక యగును. మన పరిశోధనవ్యాసములలో 'పూర్వుల అభిప్రాయములు' అను శీర్షిక క్రింద పది పుటలు నింపి, పదునొకండవ పుటలో వారితో సంబంధము లేని మాటలు మొదలుపెట్టు పద్ధతి ఎట్లు వచ్చినదో గాని, ఇట్టి పట్టికలకు అదియే ఆటపట్టు.

ఆ సాయంకాలము మిగిలిన తగవు పిడుపర్తి సోమనాథుని గూర్చినది. పాల్కురికి సోమన ద్విపదను పద్యకావ్యముగ మార్చిన ఈ తరువాతి కవి తన గ్రంథములో ఒక కథ చెప్పెను. ప్రతాపరుద్రుడు శివాలయమునకు రాగా అక్కడ భక్తులు బసవపురాణమును వినుచుందురు. అదేమని రాజడుగగా ఒక విప్రుడు, అది ఇటీవల పుట్టినదనియు, ద్విపదలో నున్నదనియు, దానికి ప్రామాణ్యము లేదనియు చెప్పి రాజును మరలించును. పరిశోధకుడు దీనిని, సోమన కాలముననే పండితులు ద్విపదను తిరస్కరించిరనుటకు సాక్ష్యముగా వాడెను.

"ఈ కథ చెప్పింది ఎవరు?"

"పిడుపర్తి సోమన, సార్."

"ఎప్పటివాడు?"

పరిశోధకుడు మిన్నకుండెను. చెప్పినవాడు చాల తరువాతి వాడు, భక్తుడు, పైగా తానే ఆ ద్విపదను పద్యములోనికి మార్చినవాడు. కాబట్టి ఆ కథ కాకతీయకాలమునకు సాక్ష్యము గాదు. తరువాతి వీరశైవులు తమ గ్రంథమునకు జరిగిన అవమానమును ఎట్లు జ్ఞాపకము పెట్టుకొనిరో దానికి సాక్ష్యము. ఆ విధముగ చూచినచో అది విమర్శకుని వాదమునకు ఒక ప్రక్క బలము చేకూర్చును, అవమానస్మృతి అంతకాలము నిలిచినది గనుక. మరియొక ప్రక్క చిక్కు తెచ్చిపెట్టును, ఏలయన ద్విపదకు జరిగిన తిరస్కారమును చెప్పుచున్న కవియే ద్విపదను విడిచి పద్యమును చేపట్టెను. తిరస్కరించిన వారి కొలబద్దను తిరస్కరింపబడినవారే పుచ్చుకొనిరి. ఈ సంగతిని ఏమనవలెనో ఉపన్యాసకునికిని వెంటనే తోచలేదు. ఇద్దరును కొంతసేపు ఊరకుండిరి. వ్యాసములో నిజముగ పరిశోధకునిదని చెప్పదగిన చోటు ఇదియేనని మాత్రము ఆయన అనెను.

వ్యాసము మూడవమారు వచ్చినప్పుడు ఇరువది పుటలు పదునాలుగయ్యెను. ఉపన్యాసకుడు దానిపై ఒక పరీక్ష చేసెను. పరిచ్ఛేదములలోని విమర్శకుల పేర్లను, వారి మాటలను కాగితముతో కప్పి మిగిలినది చదివెను. మొదటి ప్రతిలో అట్లు చేసినప్పుడు పెక్కుచోట్ల 'అని', 'అనియు' తప్ప ఏమియు మిగులలేదు. ఈ ప్రతిలో వాక్యములు కుంటుచున్నను వాదము నడచుచుండెను. తరువాత రెండవ పరీక్ష: పరిశోధకుని వాక్యములను కప్పి విమర్శకుని వాదమును మాత్రము చదివెను. అదియు తనంత తాను నిలుచుండెను. విమర్శకుడు చదివినను తనదేనని గుర్తించునట్లుండెను. మొదటి పరీక్షలో నెగ్గి రెండవదానిలో ఓడు వ్యాసములు ఎక్కువని ఆయన అనుభవము.

ఒక్కచోట మాత్రము గీత పడెను. ద్విపద పద్యముగ మారుటను చెప్పిన పరిచ్ఛేదము చివర "ఇది వీరశైవుల పరాజయమని పెద్దలు చెప్పుదురు" అని యుండెను. ఉపన్యాసకుడు 'పెద్దలు' అను మాటను చుట్టి, ప్రక్కన 'ఎవరు?' అని వ్రాసెను. పరిశోధకుడు తల గోకుకొని, ఆ మాట తనదేననియు, తన పేర చెప్పుటకు ధైర్యము చాలక పెద్దలపై పెట్టితిననియు ఒప్పుకొనెను. ఆయన నవ్వి కలము చేతికిచ్చెను. మహబూబాబాదు పోవు రైలుకు ఇంకను అరగంట వ్యవధి యుండెను. పరిశోధకుడు ఆ వాక్యమును కొట్టివేసి మరల వ్రాయ మొదలిడెను.